14 ఫొటోలు, 28 గళ్లు

వాట్సాప్‌లో ఒకదాని వెంట ఒకటి 14 ఫొటోలు వచ్చి పడ్డాయి. తెనాలి దగ్గర పల్లెలో ఉంటున్న అమ్మ వాడే మందులవి. పంపింది తమ్ముడి భార్య, చూసేది హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు. ఆమె ఆన్‌లైన్‌లో తెప్పించిన మందుల డబ్బా అప్పటికే ఊరికి చేరింది. వారానికి ఏడు రోజులు, రోజుకు నాలుగు గళ్లు, మొత్తం 28. ఏ గడిలో ఏ బిళ్ల ఉండాలో ఇక్కణ్నుంచి చెబితే మరదలు అక్కడ నింపేస్తుంది, ఆదివారం మధ్యాహ్నం అరగంట పని అనుకున్నారు ఇద్దరూ.

ఈ కుటుంబం ఉదాహరణ కోసం ఊహించుకున్నది. ఆ 14 ఫొటోలు మాత్రం బీపీ, షుగరు, థైరాయిడ్ మూడూ ఉన్న పెద్దావిడ ఇంట్లో ఎవరు ఫోన్ పట్టుకుని నిలబడినా తీయగలిగినవే. ప్రైవేటు డాక్టరు రాసినవి కొన్ని, పీహెచ్‌సీలో ఉచితంగా ఇచ్చినవి కొన్ని, మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, ఎప్పుడో జ్వరం వచ్చినప్పుడు మిగిలిపోయినవి. అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి.

చిక్కు ఫొటోల దగ్గరే మొదలైంది. వెండిరేకు మీద ట్యూబ్‌లైటు మెరుపు పడి, అక్షరాలు ఉండాల్సిన చోట తెల్లటి మరక కనిపించింది. కొన్నిటికి బిళ్లలున్న వైపే తీశారు, పేరున్న వైపు తీయలేదు. ఇంకో మూడు షాపువాడు కత్తెరతో కత్తిరించిచ్చిన ముక్కలు. వాటిపై పేరు సగమే ఉంది, ఎక్స్‌పైరీ తేదీ అసలు లేదు. షీటు మీద బ్యాచ్ నంబరు, తేదీలు చాలావరకు ఒక కొసనే ముద్రిస్తారు. ఆ కొస ఎవరి వాటాకు వెళ్లిందో వాళ్లకే తేదీ తెలుస్తుంది. షీటు ఇంట్లో ఉన్నప్పుడు కూడా తేదీ లేని వైపు నుంచి బిళ్లలు తీస్తూ రావాలని ఫార్మసిస్టులు చెప్పేది ఇందుకే. ఆ తేదీలో నెల, సంవత్సరం మాత్రమే ఉంటే, ఆ నెలాఖరు దాకా మందు పనికొస్తుందని అర్థం.

రెండోసారి పద్ధతిగా తీశారు. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట ముదురు రంగు దుప్పటి పరిచి, ఒక్కో షీటు పక్కన నంబరు రాసిన చీటీ పెట్టి, రెండు వైపులా తీశారు. ఫ్లాష్ వేయలేదు. ఫొటో మసకబారకుండా డాక్యుమెంట్‌గా పంపారు. నంబరు చీటీ వల్ల జరిగిన మేలు చెప్పుకోదగ్గది. "వదినా, ఆ తెల్లది" అన్నప్పుడు ఏ తెల్లదో తెలియక ఫోన్లో తికమక పడడం తప్పింది. ఇప్పుడు "తొమ్మిదోది" అంటే సరిపోతుంది. వాళ్లతో పాటు డాక్టరు చీటీలు కూడా, తేదీ కనిపించేలా, ఫొటో తీసి పంపమంది కూతురు. చీటీ లేని ఫొటోలు చూస్తే అమ్మ ఇంట్లో ఏం ఉన్నాయో తెలుస్తుంది. ఆమె ఏం వేసుకోవాలో తెలియదు.

ఏం వేసుకుంటోందో కూడా తెలియదు. "నా మందులు నాకు తెలుసే. పొద్దున ఎర్రదీ, చిన్న తెల్లదీ, రాత్రికి గొట్టం బిళ్ల" అంది అమ్మ ఫోన్లో. రంగును బట్టి గుర్తుపెట్టుకోవడంలో ఆవిడ తప్పేమీ లేదు, ఆ అక్షరాలు కుర్రవాళ్లకే ఆనవు. అయితే షాపులో ఆ కంపెనీది లేదని ఇంకో కంపెనీది ఇచ్చిన రోజున ఎర్రది కాస్తా పసుపు అవుతుంది. అప్పుడు రెండే జరుగుతాయి. ఇది నాది కాదని పక్కన పెట్టేస్తారు, లేదా ఇది కొత్త మందని పాతదానితో కలిపి వేసుకుంటారు.

అందుకని కూతురు ఒక తెల్లకాగితం తీసుకుని, షీటు మీద పెద్దగా ఉన్న బ్రాండు పేరు బదులు లోపలి మందు పేరు రాయడం మొదలుపెట్టింది. చట్టప్రకారం ప్రతి షీటు మీదా అది ఉంటుంది, పక్కనే ఎన్ని మిల్లీగ్రాములో కూడా. దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్లకు 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. షీటు మీద లేకపోతే అట్టపెట్టె మీద ఉంటుంది. దాన్ని ఫోన్‌తో స్కాన్ చేస్తే మందు పేరు, తయారీదారు, బ్యాచ్, ఎక్స్‌పైరీ వస్తాయి. పెట్టె పారేసిన ఇళ్లలో అందరికీ అందే వసతి కాదిది. కాబట్టి కళ్లజోడు పెట్టుకుని చదువుకోవడమే చాలాసార్లు దిక్కు.

చదివేటప్పుడు చూపు నిలపాల్సింది పేరు చివర ఉన్న తోక మీద. టెల్మా 40 అంటే టెల్మిసార్టాన్ అనే బీపీ మందు ఒక్కటే. టెల్మా-ఏఎమ్ అంటే దానికి ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందు కలిసింది. టెల్మా-హెచ్ అయితే మూత్రం ఎక్కువగా పోయించే మందు కలిసింది. గ్లైకోమెట్ జీపీ 1, జీపీ 2 రెండిట్లోనూ మెట్‌ఫార్మిన్ ఉంటుంది, తేడా అంతా గ్లిమెపిరైడ్ ఒక మిల్లీగ్రామా రెండా అన్నదే. ఆ ఒక్క అంకె షుగరును కిందికి లాగే మోతాదును రెట్టింపు చేస్తుంది. కత్తెర పడేది, ఫొటో మూల తెగేది సరిగ్గా ఆ అక్షరం దగ్గరే. థైరాయిడ్ మందుకు మరో మెలిక ఉంది. అది మైక్రోగ్రాముల్లో ఉంటుంది, 12.5 నుంచి 25, 50, 75, 88, 100 అంటూ ఎన్నో మెట్లు. సీసాలు చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి.

కాగితం నిండేసరికి అసలు సంగతి బయటపడింది. మొదటి ఫొటోలో టెల్మా-ఏఎమ్, గుంటూరు గుండె డాక్టరు రాసింది. రెండో ఫొటోలో ఆమ్లోడిపిన్ 5, పీహెచ్‌సీలో ఇచ్చింది. బ్రాండు పేర్లు చూస్తే వీటికి చుట్టరికం కనిపించదు. లోపలి పేర్లు రాస్తే, ఆమ్లోడిపిన్ ఆ ఇంట్లో రెండు దారుల్లో వస్తోందని తేలింది. 5, 5 కలిపి రోజుకు 10 మిల్లీగ్రాములు. అది ఆ మందుకు మామూలుగా ఇచ్చే గరిష్ఠ మోతాదు. ఆమ్లోడిపిన్ మోతాదు పెరిగేకొద్దీ కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. అమ్మ కూడా రెండు నెలలుగా సాయంత్రానికి కాళ్లు వాస్తున్నాయని, చెప్పుల పట్టీలు బిగుసుకుంటున్నాయని అంటోంది. వయసు, ఉప్పు, ఎండ అని సరిపెట్టుకున్నారు. ఇలాంటి వాపు చూసి, వెనక ఉన్న మందు సంగతి తెలియక, నీరు తీసే బిళ్ల ఇంకోటి రాయడం వైద్యంలో బాగా తెలిసిన పొరపాటు. ఒక మందు తెచ్చిన ఇబ్బందికి మరో మందు, దానికి మరో షీటు, కవరు ఇంకొంచెం లావు.

అట్లాగే ఎకోస్ప్రిన్-ఏవీ గొట్టంలో ఆస్పిరిన్‌తో పాటు అటోర్వాస్టాటిన్ ఉంది. ఏడో ఫొటోలో అటోర్వాస్టాటిన్ 10 విడిగా ఉంది, రెండేళ్ల కిందటి డాక్టరు రాసింది. పాన్ 40, పాన్-డీ రెండూ ఉన్నాయి, రెండిట్లోనూ పాంటోప్రజోల్ ఉంది. జీపీ 1లో మెట్‌ఫార్మిన్ 500, నాలుగో ఫొటోలో మెట్‌ఫార్మిన్ 500 మళ్లీ విడిగా.

ఇక్కడే తొందరపడకూడదు. రెండుసార్లు కనబడిన ప్రతిదీ తప్పు కాదు. పొద్దున జీపీ, రాత్రి మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఇవ్వడం చాలామంది డాక్టర్లు కావాలని చేసే పనే. ఫొటోలు చూసి జంటలు పట్టుకోవడం కూతురి పని, ఏది ఉంచాలో ఏది తీయాలో చెప్పడం డాక్టరు పని. ఎన్నాళ్లుగానో వేసుకుంటున్న బీపీ మందును ఆదివారం మధ్యాహ్నం మనంతట మనమే ఆపేస్తే, బుధవారానికి బీపీ ఎక్కడుంటుందో ఎవరూ చెప్పలేరు. ఆమె ఒకే కాగితం మీద మందు పేరు, మోతాదు, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, అమ్మ ఇప్పుడు ఎలా వేసుకుంటోంది అనేవి వరుసగా రాసి, సందేహం ఉన్న వాటి చుట్టూ గీత గీసి, ఊళ్లో అన్నీ ఒకేచోట చూసే ఫిజీషియన్‌కు మరదలి చేత పంపించింది. సోమవారం జవాబు వచ్చేదాకా డబ్బా ఖాళీగానే ఉంది. అమ్మ ఎప్పటిలాగే వేసుకుంది.

డాక్టరు కాగితం చూసి చెప్పినవి ఇవి. పీహెచ్‌సీ ఆమ్లోడిపిన్ వద్దు, టెల్మా-ఏఎమ్‌లో ఉన్నది చాలు. పది రోజుల తర్వాత కాళ్ల వాపు, బీపీ మళ్లీ చూపించండి. రాత్రి మెట్‌ఫార్మిన్ కావాలనే ఇచ్చారు, ఉంచండి. పాత అటోర్వాస్టాటిన్, పాన్-డీ తీసేయండి. వారానికొకటి వేసే 60,000 యూనిట్ల డీ విటమిన్ ఎనిమిది వారాల కోర్సు, అది అయిపోయింది. మోకాళ్లకు షాపులో తెచ్చిన ఏసిక్లోఫెనాక్ ఈ వయసులో, ఈ బీపీ మందుతో, ఆస్పిరిన్‌తో కిడ్నీకీ కడుపుకీ మంచిది కాదు. నొప్పి ఎక్కువైతే ఫోన్ చేయండి. మిగిలిపోయిన యాంటీబయాటిక్, పేరు తేలని ఆ ముక్క అవతల పారేయండి. 14లో ఏడు బయటికి పోయాయి.

మిగిలిన ఏడింటినీ గళ్లలోకి సర్దడానికి ఇంకో చిన్న అడ్డంకి. డబ్బా మీద ఇంగ్లీషులో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునేముందు అని నాలుగు మాటలున్నాయి. మన ఇళ్లలో మందులు గడియారం చూసి నడవవు, తిండి చూసి నడుస్తాయి. పొద్దున అనే ఒక్క మాటలోనే పరగడుపు ఉంది, టిఫిన్ ఉంది. థైరాయిడ్ బిళ్ల ఏమీ తినకముందు, టిఫిన్‌కు కనీసం అరగంట, వీలైతే గంట ముందు వేసుకోవాలి. కాఫీకి కూడా అదే వర్తిస్తుంది. క్యాల్షియం బిళ్లకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. మరదలు ఆ ఇంగ్లీషు మాటల మీద తెల్ల ప్లాస్టర్ అంటించి, చెరగని పెన్నుతో రాసింది: పరగడుపు, టిఫిన్, మధ్యాహ్నం, రాత్రి. అమ్మకు ఈ మాటలు వివరించాల్సిన అవసరం రాలేదు.

పరగడుపు గడిలో థైరాయిడ్, పాన్ 40. టిఫిన్ గడిలో జీపీ 1, టెల్మా-ఏఎమ్. మధ్యాహ్నం భోజనం తర్వాత షెల్‌కాల్ ఒక్కటే. రాత్రి అన్నం తిన్నాక మెట్‌ఫార్మిన్, ఎకోస్ప్రిన్-ఏవీ. రెండు, రెండు, ఒకటి, రెండు. రోజుకు ఏడు, వారానికి 49.

నింపడంలో ఒక ఒడుపుంది. సోమవారం నాలుగు గళ్లు నింపి, తర్వాత మంగళవారం నాలుగు నింపుదామని చెయ్యి పోతుంది. అట్లా చేస్తే ఏడు షీట్లూ ఒకేసారి బల్ల మీద పరచుకుని ఉంటాయి, మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఎక్కడ ఆపామో గుర్తుండదు. ఒక మందు తీసుకుని ఏడు రోజులకూ వేసేసి, ఆ షీటు కవర్లో పెట్టేశాకే రెండోది తీయాలి. ముందు పదిహేనున్న షీట్లో తర్వాత ఎనిమిది మిగలాలి. తొమ్మిది మిగిలాయంటే ఏదో ఒక గడిలో లేదు, ఏడు మిగిలాయంటే ఎక్కడో రెండు పడ్డాయి. చివర్లో ప్రతి నిలువు వరసా రెండు-రెండు-ఒకటి-రెండుగా కనిపిస్తోందో లేదో చూసి, మూతలు తెరిచి ఉండగానే పైనుంచి ఫొటో తీసి పంపుతుంది. హైదరాబాద్‌లో కూతురు వేలితో ఒక్కో గడి పెద్దది చేసి లెక్కపెడుతుంది. మొదటి వారం గురువారం మధ్యాహ్నం గడిలో షెల్‌కాల్ రెండు కనిపించాయి, శుక్రవారం ఖాళీగా ఉంది. మూత పెట్టకముందే సరిచేశారు.

బిళ్లను రేకులోంచి తీయకుండా, షీటును చిన్న చదరాలుగా కత్తిరించి గళ్లలో వేస్తే తేమ తగలదు కదా అని కొందరికి అనిపిస్తుంది. కోస్తాలో వానాకాలం గుర్తొస్తే ఆ ఆలోచన సబబే అనిపిస్తుంది కూడా. కానీ మసక వెలుతురులో, పరధ్యానంలో ఆ చదరాన్ని రేకుతో సహా మింగేసినవాళ్లున్నారు. పదునైన మూలలు అన్నవాహికను చీరేస్తాయి. జపాన్‌లో ఇవి ఎక్కువై, 1996 నుంచి అక్కడి కంపెనీలు ఒక్కో బిళ్ల విడిగా తుంచుకునేలా షీట్ల మీద అడ్డం, నిలువు గాట్లు పెట్టడం మానేశాయి. ఒకవైపు గాట్లే ఉంచాయి. బిళ్లలు విప్పే వేయాలి, ఒక వారానికి మించి విప్పకూడదు. డబ్బా పొయ్యి పక్కన, ఎండ పడే కిటికీలో పెట్టకూడదు.

తేమను అసలే ఓర్చుకోని మందులు కొన్నున్నాయి. మూర్ఛకు వాడే సోడియం వాల్‌ప్రోయేట్, గుండెనొప్పికి వాడే నికొరాండిల్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే డాబిగాట్రాన్ అలాంటివి. వాటిని వేసుకునే నిమిషం దాకా రేకులోనో సొంత సీసాలోనో ఉంచాలి. ఆ గడిలో "షీటు చూడు" అని చిన్న చీటీ వేస్తే సరిపోతుంది. అవసరమైనప్పుడే వేసుకునేవి, నాలుక కింద పెట్టుకునే గుండె బిళ్ల లాంటివి, డబ్బాలోకి రానేకూడదు. వారానికొకసారే వేసుకోవాల్సిన మందుంటే, ముఖ్యంగా కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ అయితే, ఒక్క గడిలోనే ఉందని ఇద్దరు చూడాలి. దాన్ని రోజూ వేసుకున్నవాళ్లు ప్రాణాల మీదికి తెచ్చుకున్నారు. ఇంకొకటి: ఈ డబ్బాల మూతలు పెద్దవాళ్ల వేళ్లకు తేలిగ్గా రావాలని చేసినవి, మనవల వేళ్లకూ తేలిగ్గానే వస్తాయి. షుగరు బిళ్ల ఒక్కటి చాలు పసివాళ్లకు ప్రమాదం తేవడానికి. అందుకే డబ్బా అలమర పై అరలో ఉండాలి.

అంతా సరిగ్గా నింపి, అమ్మ ఒక్క పూట కూడా మానకుండా వేసుకున్న మొదటి వారంలోనే తల తిరుగుతోందని అంటే? ఇది విడ్డూరమేమీ కాదు. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, మందులు సరిగా వేసుకోని పెద్దవాళ్లను ఇలాంటి డబ్బాలకు మార్చినప్పుడు కొందరికి ఆరోగ్యం చెడడం గమనించారు. కారణం తేలికే. రోజు మార్చి రోజు వేసుకునే మనిషిని చూసి, బీపీ తగ్గడం లేదని డాక్టరు మోతాదు పెంచి ఉంటారు. డబ్బా వచ్చాక ఆ పెంచిన మోతాదంతా మొదటిసారి పూర్తిగా ఒంట్లోకి వెళుతుంది. బీపీ, షుగరు ఒక్కసారిగా కిందికి జారతాయి, పెద్దవాళ్లు బాత్‌రూమ్‌లో పడతారు. అందుకే డబ్బా మొదలుపెడుతున్నామన్న సంగతి, ఇంతకుముందు ఎన్ని పూటలు మానేవారన్న సంగతి, రెండూ డాక్టరుకు దాపరికం లేకుండా చెప్పాలి. మొదటి పది రోజులు కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూసి రాసుకోవాలి. షుగరు పరగడుపున చూడాలి. చెమటలు పట్టినా వణుకు వచ్చినా అప్పటికప్పుడు చూసి, తగ్గి ఉంటే చక్కెర నీళ్లు ఇచ్చి డాక్టరుకు ఫోన్ చేయాలి.

డబ్బాకు తెలియనిది మరొకటి ఉంది, కార్తీక సోమవారం. అమ్మ ఆ రోజు నక్షత్రాలు కనిపించేదాకా ఏమీ తినదు. కానీ టిఫిన్ గడిలో జీపీ 1 ఉంది, అందులో గ్లిమెపిరైడ్ ఉంది, తిండి పడకపోయినా అది తన పని తాను చేసుకుపోతుంది. గడి ఖాళీ అవ్వాలన్న పట్టుదల ఉన్న మనిషికి ఇది పెద్ద ప్రమాదం. ఏకాదశులు, శనివారం ఒంటిపూటలు, కార్తీకమాసం ఏ రోజుల్లో వస్తాయో ముందే డాక్టరుకు చెప్పి, ఆ రోజు ఏ మందు మానాలో, ఏది రాత్రికి జరపాలో రాయించుకుంటే, నింపేటప్పుడే ఆ గడి వేరుగా నింపొచ్చు. ఆ వారం లెక్క 49 రాదు. ఎందుకు రాలేదో మూత మీద రాసి ఉండాలి. మామూలు రోజుల్లో ఒక పూట మరిచిపోతే గడి నిండుగా కనిపించి వెంటనే పట్టిస్తుంది. అది చూసి తర్వాతి పూట రెండు కలిపి వేసుకోకూడదు.

ఇక నింపిన డబ్బాను మధ్యలో విప్పాల్సి రావడం. పది రోజులకు బీపీ చూపించుకోవడానికి వెళితే, గురువారం పూట డాక్టరు టెల్మా-ఏఎమ్ మార్చి ఉత్త టెల్మా 40 ఇచ్చారనుకుందాం. శుక్ర, శని, ఆదివారాల టిఫిన్ గళ్లలో పాతది పడి ఉంది. రేకు లేని బిళ్ల మీద పేరుండదు, పక్కన జీపీ 1 కూడా రేకు లేకుండానే ఉంది, ఏది ఏదో ఎట్లా తెలియాలి? మొదటిసారి నింపిన రోజు మరదలు ఒక్కో బిళ్లను దాని షీటు పక్కన, నంబరు చీటీతో పెట్టి ఫొటో తీసి ఉంచింది. ఆ ఏడు ఫొటోలు ఇద్దరి ఫోన్లలోనూ ఉన్నాయి. షాపులో కంపెనీ మారినప్పుడల్లా ఆ ఒక్క ఫొటో మళ్లీ తీస్తారు. గురువారం రాత్రి వీడియో కాల్ పెట్టి, ఫొటోలోని రంగు, ఆకారం, మధ్య గీత సరిచూసుకుని మూడు పాతవి బయటికి తీశారు. వాటిని తిరిగి షీట్లో దోపలేరు కాబట్టి పారేశారు. కొత్త షీట్లోంచి మూడు తీసి అదే గళ్లలో వేశారు. మిగిలిన టెల్మా-ఏఎమ్ షీటును ఆ ప్లాస్టిక్ కవర్లోకి రానివ్వకుండా, అదే రోజు షాపుకు తిరిగిచ్చేయమని కూతురు చెప్పింది. కత్తిరించని షీటు కాబట్టి బిల్లు చూపిస్తే వాళ్లు తీసుకోవచ్చు. తీసుకోకపోతే "వాడొద్దు" అని అడ్డంగా రాసి, తర్వాతిసారి వెళ్లినప్పుడు డాక్టరు చేతికే ఇచ్చి రమ్మంది.